ఎవరు తినిపించారు

మెల్లగమ్మకు అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటుంది. అది ఆమె గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా పనికి రాలేదు. మనిషిని మంచం మీంచి లేపినా "మెల్లగా, మెల్లగా" అంటుంది, స్నానం చేయించినా అంటుంది, గ్లాసు నోటికి అందించినా అంటుంది. ఆఖరికి బస్సు దిగేటప్పుడు వెనకవాళ్లు తోస్తుంటే వాళ్లనీ అంటుంది. ఆస్పత్రిలో ఆయాగా పన్నెండేళ్లు, ఆ తర్వాత ఇళ్లలో ముసలివాళ్లను చూసుకుంటూ పదకొండేళ్లు. ఎవరో ఓ ముసలాయన ముద్దుగా అంటించిన పేరు అలాగే అతుక్కుపోయింది.

ఆమె పనిలో ఒక పితలాటకం ఉంది. వంటమనిషి బాగా వండితే తిన్నవాళ్లే చెబుతారు. దర్జీ బాగా కుడితే తొడుక్కున్నవాళ్లే చెబుతారు. మెల్లగమ్మ ఎంత బాగా చేసినా, చేయించుకున్నవాళ్లు చెప్పడానికి మిగలరు. తొమ్మిది మంది ఆమె చేతుల మీదుగానే వెళ్లిపోయారు. కొత్త ఇంటివాళ్లు "ఇంతకుముందు ఎక్కడ చేశారు, ఎవరినైనా అడగొచ్చా" అంటే, ఆమె ఇచ్చే ప్రతి నంబరూ ఒక చావు జరిగిన ఇంటిది. ఫోనెత్తిన కొడుకో కోడలో ముందు కాసేపు మౌనంగా ఉంటారు. ఆ మౌనాన్ని బట్టే ఆమె బతుకు తేలుతుంది.

ఎనిమిది నెలలుగా ఆమెకు ఇల్లు లేదు. అంటే పని ఇల్లు. మనుషుల్ని పంపే ఏజెన్సీ వాళ్లు ఆమె పేరు కొట్టేశారు. ఆస్పత్రిలో రోజువారీ ఆయాగా బెడ్‌పాన్లు మోస్తోంది, అది కూడా పిలిచిన రోజున. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. దానికన్నా, తన పేరు పాడైందన్న సంగతి ఆమెను లోపల కొరుకుతోంది. ఒక్క ఇల్లు తనను నమ్మి పెట్టుకుంటే చాలు, మళ్లీ తలెత్తుకోవచ్చని ఆశ. ఆ ఆశతోనే ఆ రోజు పొద్దున మూడో అంతస్తు తలుపు కొట్టింది.

ఆస్పత్రి నర్సు ఒకామె చెప్పి పంపిన ఇల్లది. హాల్లోనే మంచం వేశారు. మంచం మీద పెద్దాయన, ఒకప్పుడు చెప్పుల దుకాణం నడిపినవాడు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది, ఒక్క అంకెలు మాత్రం మిగిలాయి. మెల్లగమ్మ గుమ్మంలో నిలబడగానే ఆమె మొహం చూడలేదు, పాదాలు చూశాడు.

"ఆరు," అన్నాడు.

"అవును బాబాయ్‌గారూ, ఆరో నంబరే," అంది మెల్లగమ్మ. పెద్దాయన ఎడమ పెదవి కాస్త కదిలింది. పక్కనున్న ఆయన కూతురు తలెత్తి చూసింది. నాలుగు నెలల్లో నాన్న ఎవరి పాదాల సైజూ చెప్పలేదట.

కూతురు లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు. ఊళ్లో పెద్ద పెద్ద భవనాలకు వెళ్లి తాళ్లూ బ్రేకులూ చూసి, లాగ్‌బుక్ చదివి, సంతకం పెట్టి వస్తుంది. మనిషిని కూడా అలాగే చూస్తుందేమోనని మెల్లగమ్మకు మొదట బెరుకు వేసింది. కానీ ఆమె కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది, తనూ ఎదురుగా కూర్చుంది. చేతిలో ఒక కాగితం ఉంది.

"అక్కా, నేను చాలా అడుగుతాను. ఏదైనా అడక్కూడనిది అడిగితే చెప్పండి, వదిలేస్తాను."

మీ ఆయనేం చేస్తాడు, మీరు ఏవాళ్లు, పిల్లలెందరు అని అడగలేదు. ఇరవై ముప్పై ఇళ్ల గుమ్మాలెక్కిన మెల్లగమ్మకు ఇది కొత్త. పని గురించే అడిగింది.

"నాన్న మంచం దిగబోయి కింద పడ్డారనుకోండి. ఏం చేస్తారు?"

"ముందు లేపనమ్మా. లేపేద్దామన్న తొందరలోనే ఎముకలు విరుగుతాయి. పక్కన కూర్చుని ఎక్కడ నొప్పో చూస్తాను. తలకు తగిలిందా, కాలు వంకర తిరిగిందా చూస్తాను. అనుమానముంటే కదపకుండా ఆంబులెన్సుకు ఫోన్ చేస్తాను, ఆ వెంటనే మీకు చేస్తాను."

"మందు వేయడం మర్చిపోతే?"

"మర్చిపోయానని రాస్తాను. డాక్టర్ని అడక్కుండా రెండోది కలిపి వేయను."

"తినిపించడం?"

ఇక్కడ మెల్లగమ్మ పెద్దాయన వైపు తిరిగింది. గొంతు ముడిని చూసింది. "మింగడం కష్టమని నర్సు చెప్పింది. నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కాస్త కిందికి వంచమని మీ థెరపిస్టు చెప్పి ఉంటే వంచాలి. చిన్న చెంచా. గొంతు కదిలాకే రెండోది. చచ్చుబడిన బుగ్గలో ముద్ద దాక్కుంటుంది, అది చూడాలి. నీళ్లు ఉత్తవి పొయ్యకూడదు, వాళ్లిచ్చిన పొడి కలిపి చిక్కగా చేసి ఇవ్వాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు."

కూతురు ప్రతి మాటా రాసుకుంది. ఇంతకుముందు వచ్చిన ముగ్గురిలో ఒకామె "జ్యూస్ పట్టేస్తానండీ, చిటికెలో అయిపోద్ది" అన్నదట.

ఆఖరి ప్రశ్న: "మీరు చూసుకుంటున్నప్పుడు ఎప్పుడైనా ప్రమాదం జరిగిందా? జరగలేదని చెప్పాల్సిన అవసరం లేదు. జరక్కుండా ఇన్నేళ్లు ఎవరికీ గడవదు."

మెల్లగమ్మ ఒళ్లో చేతులు ముడుచుకుంది. "రెండు జరిగాయమ్మా. ఒకసారి బాత్‌రూంలో ఒకాయన జారారు, నా చేతి పట్టు తప్పింది. నా తప్పే. ఇంకోటి, ఎనిమిది నెలల కిందట, ఆఖరున చేసిన ఇంట్లో ఒక టీచరమ్మగారికి కమలాపండు తొన గొంతుకు అడ్డం పడింది. నేను గదిలో లేను, దుప్పట్లు ఉతుకుతున్నాను. పరుగెత్తుకొచ్చి వీపు మీద కొట్టి బయటికి తీశాను. కానీ రసం ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆరో రోజున పోయారు."

తొన ఎవరు పెట్టారో చెప్పలేదు. కూతురు కూడా అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది.

తర్వాత మెల్లగమ్మ వంతు. "నాకూ కొన్ని ప్రశ్నలున్నాయమ్మా" అంటే కూతురు నవ్వి కాగితం తిప్పింది. వారానికి ఒక రోజు సెలవు, ఆ రోజు ఎవరు చూస్తారు? బాత్‌రూంలో గోడకు పట్టుకునే కడ్డీ ఉందా? ఇంట్లో అందరికీ వండటం, అంట్లు తోమడం నా పనా కాదా? ఏదైనా జరిగితే ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి, మీకా, నర్సు చెప్పిన మీ అన్నయ్యకా? కూతురు అన్నిటికీ రాసుకుంటూ జవాబు చెప్పింది. వంటకు వేరే మనిషి వస్తుంది. కడ్డీ లేదు, ఆ వారంలోనే పెట్టించింది.

హాల్లో కెమెరా ఉందని వేలు పెట్టి చూపించింది. "మంచం వైపే ఉంది. మీరు బట్టలు మార్చుకునే గదిలో లేదు. మీరే చూసుకోండి." పోలీస్ వెరిఫికేషన్ ఫారం చదివి వినిపించి, ఒప్పుకుంటేనే సంతకం పెట్టమంది. తన గుర్తింపు కార్డు నకలు కూడా ఒకటి తీసి ఇచ్చింది. "మేమెవరమో మీకూ తెలియాలి కదా. ముక్కూ మొహం తెలియని ఇంటికి మీరొస్తున్నారు."

ఇరవై మూడేళ్లలో మెల్లగమ్మకు ఎవరూ అలా చెప్పలేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో అడుగున దాచుకుంది.

"చివరగా, మీరు పని చేసిన రెండిళ్ల నంబర్లు కావాలి. మీరు ముందు వాళ్లను అడిగి, సరేనంటేనే నాకివ్వండి. నేనేం అడుగుతానో మీకు ముందే చెబుతాను: టైముకు వచ్చేవారా, మాట ఎలా ఉండేది, జరిగింది జరిగినట్టు చెప్పేవారా. అంతే."

మొదటి నంబరు ఇవ్వడం తేలిక. రెండోది టీచరమ్మ కొడుకుది. మెల్లగమ్మ మెట్ల మీద నిలబడి అతనికి ఫోన్ చేసింది. "అయ్యో, తప్పకుండా అక్కా, నేను మాట్లాడతాను. మీరు మాకు చేసింది మర్చిపోతానా" అన్నాడు. అన్నాడు కాబట్టే ఇచ్చింది.

మొదటి ఇంటివాళ్లు మంచిగా చెప్పారు. రెండో నంబరు ఎత్తలేదు. కూతురు ఆ సంగతి దాచలేదు. "ఒకటి మిగిలింది అక్కా. ఆయన ఎప్పుడు చేస్తే అప్పుడు మాట్లాడతాను. ఈలోగా పద్నాలుగు రోజులు చూద్దాం. జీతం మామూలుగానే. మూడో రోజున, ఏడో రోజున కూర్చుని మాట్లాడుకుందాం. మాకు నచ్చకపోయినా, మీకు మేం నచ్చకపోయినా రెండు రోజుల ముందు చెప్పి ఆపెయ్యొచ్చు."

మొదటి మూడు రోజులు కూతురు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. పక్కనే ఉండి చూసింది, అడ్డు రాలేదు. ఫ్రిజ్ తలుపుకు ఒక అట్టకి కాగితాలు క్లిప్పు చేసి తగిలించింది. లిఫ్టుల లాగ్‌బుక్కు తమ్ముడిలా ఉందది. గళ్లు గీసి ఉన్నాయి: టైము, ఏం తిన్నారు, ఎంత, దగ్గు వచ్చిందా, తినిపించినవారు. ఆ ఆఖరి గడి మీద మెల్లగమ్మ వేలు పెట్టి చూసింది. టీచరమ్మ ఇంట్లో ఏజెన్సీవాళ్లిచ్చిన కాగితంలోనూ ఆ గడి ఉండేది.

నాలుగో రోజు నుంచి కూతురు పనికి వెళ్లింది. రోజూ సాయంత్రం వేరే ఊళ్లో ఉన్న ఆమె అన్నయ్య ఫోన్ చేసేవాడు. స్పీకర్లో పెట్టి మాట్లాడేవాళ్లు. ఆయనకు దూరం నుంచి అనుమానించడం బాగా అలవాటు. "ఆవిడ ఏం చేస్తోంది? నాన్న బరువు తగ్గారా? కెమెరా చూస్తున్నావా లేదా?" పక్కనే మంచం దుప్పటి సర్దుతున్న మెల్లగమ్మ వింటున్నట్టు ఉండేది కాదు. చెవులు లేనట్టు ఉండటం కూడా ఈ పనిలో ఒక పనే.

పెద్దాయన మాత్రం దారికొచ్చాడు. ఏడో రోజుకు ఎడమ చేత్తో తనే చెంచా పట్టుకున్నాడు. ఎవరైనా వస్తే పాదాలు చూసి నంబరు చెప్పడం మొదలుపెట్టాడు. గ్యాస్ సిలిండరు తెచ్చినతన్ని చూసి "తొమ్మిది" అన్నాడు, అతను గాభరా పడి ఇంటి నంబరు చూసుకున్నాడు. మెల్లగమ్మ పగలబడి నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు, సగం మొహంతో. కెమెరాలో పడిన ఆ వీడియో చూసి కూతురు ఆఫీసులో ఏడ్చిందట. ఏడో రోజు మాటల్లో "అక్కా, నా వరకు ఖాయమే" అంది. మెల్లగమ్మ ఆ వారం సెలవు రోజున చెప్పులకు కొత్త పట్టీ వేయించుకుంది. పెద్దాయన దాన్నే చూస్తున్నాడని ఆమెకు తెలుసు.

పదో రోజు మధ్యాహ్నం కూతురు తొందరగా ఇంటికొచ్చింది. బ్యాగు భుజం మీంచి తియ్యలేదు. ఈ మాటలు రికార్డు కాకూడదని కెమెరా ప్లగ్గు పీకేసింది.

"అక్కా, ఇటు వంటింట్లోకి రండి. ఆ టీచరమ్మగారి అబ్బాయి ఫోన్ చేశాడు."

మెల్లగమ్మకు విషయం సగం అప్పుడే తెలిసిపోయింది.

"మీ గురించి చాలా మంచిగా చెప్పాడు. టైము, మాట, శుభ్రం, అన్నీ. చివర్లో జరిగింది జరిగినట్టు చెప్పేవారా అని అడిగాను. 'చెప్పింది, తొన తనే పెట్టానని తనే ఒప్పుకుంది' అన్నాడు. కాగితం మీద కూడా మీరే రాశారట. మీరు నాతో గదిలో లేనన్నారు." కూతురి గొంతులో కోపం లేదు. అదే మెల్లగమ్మకు ఎక్కువ కష్టమైంది. "ఆయన మాట నమ్మి మిమ్మల్ని పొమ్మనడానికి రాలేదు. మీరేం చెబుతారో వినడానికి వచ్చాను."

మెల్లగమ్మ స్టవ్ గట్టు పట్టుకుని నిలబడింది. ఎనిమిది నెలలుగా ఎవరికీ చెప్పని మాట.

"ఆదివారం మధ్యాహ్నం అమ్మా. టీచరమ్మగారు కమలా కావాలని చిన్నపిల్లలా ఏడ్చారట. కొడుకు ఓర్చుకోలేక ఒక్క తొన పెట్టాడు. ఆయన ఒక్కడే ఆవిణ్ని చూసుకున్నవాడు. ఇద్దరు అక్కలు ఏడాదికోసారి వచ్చి తప్పులు లెక్కపెట్టి పోయేవాళ్లు. ఆ సాయంత్రం ఇద్దరూ దిగారు. 'ఎవరు పెట్టారు, ఎవరు పెట్టారు' అని ఆస్పత్రి వరండాలో అరుస్తున్నారు. ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ మనిషి ఆ రోజే ఏమైనా చేసుకుంటాడనిపించింది. నేనే పెట్టానన్నాను. పోయేది నా పేరే కదా, పరాయిదాన్ని, నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటారనుకున్నాను. కాగితంలో కూడా రాశాను."

"ఆయన తర్వాత నిజం చెప్పలేదా?"

"చెబుతానన్నాడు. కర్మకాండలు అయ్యాక అన్నాడు. తర్వాత అక్కలు ఏజెన్సీకి రాసిచ్చారు. నేనే ఒప్పుకున్నాను కదా, ఏజెన్సీవాళ్లు మాత్రం ఏం చేస్తారు. ఎనిమిది నెలలుగా అదే చెప్పి చెప్పి, ఇప్పుడు ఆయనకు కూడా అదే నిజమైపోయిందేమో."

మీకు నంబరు ఇచ్చేముందు అడిగితే 'తప్పకుండా మాట్లాడతాను' అని నాతో అన్నాడమ్మా, అని కూడా చెప్పాలనుకుంది. చెప్పలేదు. అది చెబితే అడుక్కున్నట్టు ఉంటుందనిపించింది.

కూతురు కుర్చీలో కూలబడింది. కుక్కరు పక్కన గడియారం టిక్కుమంటోంది. హాల్లో పెద్దాయన ఏదో అంకె చెబుతున్నాడు.

"నేను మీ మాట నమ్ముతున్నాను అక్కా."

మెల్లగమ్మ పట్టుకున్న గట్టు వదిలి నిలబడింది. ఒక్క క్షణమే.

"నమ్ముతున్నాను కాబట్టే చెబుతున్నాను. ఆ తొన మీరు పెట్టారని తేలినా నేను మిమ్మల్ని పెట్టుకునేదాన్నేమో. తప్పు ఎవరైనా చేస్తారు. కానీ మీరు పెట్టనిది పెట్టానన్నారు." కూతురు చేతుల్లోకి చూసుకుంటూ మాట్లాడుతోంది. "నేను పొద్దున ఎనిమిదికి వెళ్తే సాయంత్రం ఆరుకు వస్తాను. నాన్నకు మాట లేదు. ఈ ఇంట్లో జరిగిందేమిటో నాకు తెలిసేది ఆ కాగితం ఒక్కదానివల్లే. కెమెరా కన్నా అదే నాకు కావాలి. రేపు మా వంటమనిషి ఏదో పెట్టి పారిపోతుంది, మా అన్నయ్య వచ్చి ఏదో చేస్తాడు, మీకు జాలేస్తుంది, నేనే చేశానని రాస్తారు. డాక్టరుకు నేనేం చెప్పాలి? నా పనిలో కిర్రుమనే లిఫ్టుకు భయపడనక్కా. లాగ్‌బుక్‌లో అంతా బాగుందని రాసి ఉన్న లిఫ్టుకే భయపడతాను."

ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. అదే ఘోరం. మెల్లగమ్మను దొంగ అన్నవాళ్లున్నారు, బద్ధకిష్టి అన్నవాళ్లున్నారు, వాళ్లకు ఆమె మనసులో జవాబులుండేవి. దీనికి లేదు. ఇరవై మూడేళ్ల పనిలో తను చేసిన ఒకే ఒక మంచి పని, తను ఎన్నో రాత్రులు తలుచుకుని ఊరట పొందిన పని, అదే తన నోట్లో మట్టి కొట్టింది.

"సరేనమ్మా," అంది. "రెండు రోజులుంటాను. కొత్తావిడ వచ్చేదాకా మీకు తినిపించడం నేర్పుతాను."

కూతురు ఏడ్చింది. మెల్లగమ్మ ఏడవలేదు. పెద్దాయన మందు టైమైందని లేచింది.

పదకొండో రోజు కూతురు ఇంట్లోనే ఉండి మెల్లగమ్మ తినిపించడం చూసింది. పన్నెండో రోజు, ఆఖరి రోజు, మధ్యాహ్నం భోజనం తను తినిపిస్తానంది. మెత్తగా చేసిన కూరగాయల ముద్ద, చిన్న చెంచా. మెల్లగమ్మ పక్కన స్టూలు మీద కూర్చుంది. సంచీ సర్దుకుని గుమ్మం దగ్గర పెట్టేసింది. కెమెరా ప్లగ్గు పదో రోజు పీకింది పీకినట్టే ఉంది.

"వీపు నిటారుగా. గడ్డం వంచండి. పెట్టారా? ఇప్పుడు చెంచా పక్కన పెట్టెయ్యండి, చేతిలో ఉంటే తొందరపెడుతుంది. గొంతు చూడండి. కదిలిందా? ఆ, ఇప్పుడు రెండోది. మెల్లగా."

ఎనిమిది చెంచాలు బాగానే వెళ్లాయి. తొమ్మిదోది నోట్లో ఉండగా ఫోన్ మోగింది. అన్నయ్య. మామూలుగా సాయంత్రం చేసే మనిషి, కొత్తావిడ సంగతి కనుక్కుందామని ముందే చేశాడు. కూతురు అలవాటుగా స్పీకర్లో పెట్టింది. "ఆ అన్నయ్యా, రేపు పొద్దున్నే వస్తుంది" అంటూ, ఆ అంటూ ఉండగానే పదో చెంచా అందించేసింది. తొమ్మిదోది ఇంకా బుగ్గలోనే ఉంది.

పెద్దాయనకు పొలమారింది. మొహం కందిపోయింది. కూతురు చెంచా పారేసి వీపు మీద కొట్టబోయింది.

"కొట్టొద్దు!" అంది మెల్లగమ్మ. అప్పటికే ఆయన భుజాలు పట్టుకుని ముందుకు వంచింది. "దగ్గుతున్నారు, దగ్గనివ్వండి. దగ్గినంతసేపూ గాలి ఆడుతున్నట్టే. దగ్గండి బాబాయ్‌గారూ, గట్టిగా దగ్గండి, నేను పట్టుకున్నాను."

ముద్ద బయటికొచ్చింది. ఇంకా దగ్గాడు. కళ్లల్లో నీళ్లు కారాయి. మెల్లగమ్మ వేలికి గుడ్డ చుట్టి బుగ్గ లోపల తుడిచింది. "ఒక్కసారి 'ఆ' అనండి" అంటే అన్నాడు. గొంతు తడి తడిగా, గరగరమంటూ వచ్చింది. ఆమెకు ఆ చప్పుడు నచ్చలేదు.

"ఏంటది? ఏమైంది?" ఫోన్లోంచి అన్నయ్య అరుస్తున్నాడు. "నాన్న దగ్గుతున్నారా? ఎవరు తినిపిస్తున్నారు?"

కూతురు లేచి నిలబడింది. గోడకు వీపు ఆనించింది.

"చెప్పవేమే? ఎవరు తినిపించారు? ఆవిడేనా?"

మెల్లగమ్మ తల తిప్పలేదు. పెద్దాయన వీపు నిమురుతూనే ఉంది.

"ఆ..." అంది కూతురు. "ఆవిడే."

"నేను ముందే చెప్పానా? పంపించెయ్ ముందు!"

"పంపించేస్తున్నాను అన్నయ్యా. ఇవాళ్టితో ఆఖరు." ఫోన్ పెట్టేసింది.

హాల్లో పెద్దాయన ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. మెల్లగమ్మ ఆయన వెనక దిండ్లు సర్దింది, మూతి తుడిచింది, మెడ కింది గుడ్డ మార్చింది. ఏ పనీ వదిలిపెట్టలేదు. తర్వాత ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి అట్ట తీసుకుంది. నిలబడే రాసింది. టైము, ఒకటీ ఇరవై. కూరగాయల ముద్ద, ఎనిమిది చెంచాలు. దగ్గు వచ్చింది, గట్టిగా, గొంతు తడిగా ఉంది. ఆఖరి గడి మిగిలింది. ఎనిమిది నెలల కిందట ఇలాంటి గడిలోనే ఆమె ఆలోచించకుండా రాసింది. ఈసారి ఆలోచించి రాసింది: కూతురు.

అట్ట తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

"రెండు మూడు రోజులు జ్వరం చూస్తుండండమ్మా. ఊపిరి వేగంగా తీసుకున్నా, గురగురమన్నా ఆగకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇవాళే డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పండి. చెప్పేటప్పుడు ఇది చూసి చెప్పండి, ఉన్నదున్నట్టు."

కూతురు ఆ గడిని చూసింది. ఇంకా గోడకే ఆనుకుని ఉంది.

"ఆ రోజు ఆయన కూడా ఇలాగే నిలబడ్డాడమ్మా," అంది మెల్లగమ్మ. దెప్పాలని కాదు. చూసింది కాబట్టి చెప్పింది.

గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంది. కొత్త పట్టీ ఇంకా మెత్తబడలేదు, మడమ దగ్గర ఒరుసుకుంటోంది. పెద్దాయన తల తిప్పి కిందికి చూశాడు. గొంతు ఇంకా తడిగానే ఉంది.

"ఆరు," అన్నాడు.

"ఆరే, బాబాయ్‌గారూ," అని సంచీ భుజానికి వేసుకుని మెట్లు దిగింది. మొదటి అంతస్తు దాకా వచ్చాక సంచీ అడుగున ఆ ఇంటివాళ్ల కార్డు నకలు ఉందని గుర్తొచ్చింది. మళ్లీ పైకెక్కే ఓపిక లేక, దాన్ని అలాగే ఉంచుకుంది.